మ్యాచింగ్ సెంటర్ అక్క, ఆరు రంగుల లెగ్గింగ్స్: సొంత బ్రాండా, ఇంకొకరి బ్రాండా

నేను చిన్న షాపులకి లెక్కలు రాసి, జీఎస్టీ రిటర్నులు వేసే మనిషిని. ఇంకొకరి బ్రాండు లెగ్గింగ్స్ అమ్ముతూ, సొంత లేబుల్ వేయించుకున్న ఒక షాపు కథ ఇది. షాపు పేరు, ఊరి పేరు చెప్పను, గుర్తుపట్టే వివరాలు కొన్ని మార్చాను. అంకెలు మాత్రం ఆమె బిల్లు పుస్తకంలోవే. ఆమె పర్మిషన్ తీసుకునే రాస్తున్నాను. ఇందులో ఒక పెద్ద తప్పు నాది, అదీ దాచకుండా రాస్తాను.

షాపు గురించి

తెలంగాణ సరిహద్దుకి దగ్గరగా, ఆంధ్ర వైపు ఒక మండల కేంద్రం. అక్కడ బస్టాండు దారిలో పది బై పన్నెండు అడుగుల మ్యాచింగ్ సెంటర్. లైనింగ్ గుడ్డ, ఫాల్స్, జాకెట్టు ముక్కలు, లంగాలు, లెగ్గింగ్స్, అంతే. ఆమె అప్పటికి పెట్టి ఏడాది దాటింది. అంతకుముందు వ్యాపారం చేసిన అనుభవం లేదు, వేరే షాపులో మూడేళ్లు కౌంటర్లో నిలబడిన అనుభవం మాత్రం ఉంది. నన్ను తమ్ముడూ అంటుంది, నేను అక్కా అంటాను.

షాపు ఆదాయంలో పెద్ద భాగం లెగ్గింగ్స్‌దే. అందరికీ తెలిసిన బ్రాండు ఒకటి తెచ్చి అమ్మేది. ఎంఆర్‌పీ 449, ఆమెకి పడే ధర పన్నుతో కలిపి 325. ఎంఆర్‌పీకి ఎవరూ కొనరు, ఇరవై తగ్గించమంటారు, సగటున 430కి పోయేది. అంటే పీసుకి 105 రూపాయలు. ముప్ఫై రంగులు, నాలుగు సైజులు, మొత్తం మీద 240 పీసులు ఎప్పుడూ షాపులో ఉండేవి. పెట్టుబడి 78,000. పదిహేను రోజులకోసారి డిస్ట్రిబ్యూటర్ మనిషి వచ్చి ర్యాకు చూసి, ఏ రంగు ఏ సైజు అయిపోయిందో రాసుకుని ఆ ఒక్కటీ రెండూ పీసులే ఇచ్చి వెళ్లేవాడు. ఈ ఆఖరి మాట గుర్తుపెట్టుకోండి. అప్పుడు నేను గానీ ఆమె గానీ దీన్ని లాభంగా లెక్కేసుకోలేదు.

ఆమె నా దగ్గరికి ఎందుకొచ్చింది

రెండు విషయాలు ఒకేసారి జరిగాయి. ఒకటి, కస్టమర్లు ఫోను తీసి అదే బ్రాండు ఆన్‌లైన్లో 379కి ఉందని చూపించడం మొదలుపెట్టారు. 325కి కొన్న సరుకుని 379కి ఇస్తే ఇక షాపు అద్దె ఎవరు కట్టాలి? రెండోది ఇంకా మంట పుట్టించింది. ఏడాదిగా నమ్మకంగా డబ్బు కడుతున్న డిస్ట్రిబ్యూటర్, మూడు షాపుల అవతల కొత్తగా పెట్టినవాళ్లకీ అదే సరుకు ఇచ్చాడు. అడిగితే "నేను ఎవరికైనా ఇస్తానమ్మా, మీకేమన్నా రాసిచ్చానా" అన్నాడు. నిజమే, రాసివ్వలేదు. ఇంకొకరి బ్రాండు అమ్మేవాళ్ల పరిస్థితి ఇదే. ధర మన చేతిలో ఉండదు, పక్క షాపు మన చేతిలో ఉండదు.

ఆమె వచ్చిన రోజు చేతిలో ఒక నోటు పుస్తకం ఉంది. తమిళనాడులో అల్లిక బట్టలకి పేరున్న తిరుపూర్ నుంచి ఒకాయన కొటేషన్ ఇచ్చాడట. సొంత లేబుల్ వేసి, కవరుతో సహా, రవాణా కలుపుకుని పీసు 168. "299కి అమ్మినా 131 మిగులుతుంది తమ్ముడూ, కస్టమర్‌కీ చవక, నాకూ ఎక్కువ, పైగా ఆన్‌లైన్లో పోల్చి చూడ్డానికి నా బ్రాండు ఎక్కడా ఉండదు" అంది. మూడు మాటలూ నిజమే.

నేను వేసిన లెక్క, అందులో లేని గడి

కంప్యూటర్లో షీటు తెరిచి పక్కపక్కనే వేశాను. బ్రాండు మార్జిన్ అమ్మకం ధర మీద 24 శాతం, సొంతది దాదాపు 44 శాతం. నెలకి సుమారు వంద లెగ్గింగ్స్ అమ్ముతున్న షాపు, తక్కువ ధర అయితే 150 అమ్ముతుందనుకున్నాను. అంతా కళ్లు చెదిరేలా వచ్చింది. చేయక్కా అన్నాను.

ఆ షీటులో రంగు అనే గడి లేదు.

తిరుపూర్‌లో లెగ్గింగ్ ఎలా తయారవుతుందో తెలిస్తే ఎందుకిలా అంటున్నానో అర్థమవుతుంది. నూలు, దాంతో పాటు సాగే లైక్రా పోగు కలిపి గుడ్డ అల్లుతారు. తర్వాత ఆ గుడ్డకి రంగు వేస్తారు, ఉతికితే కుంచించుకుపోకుండా మిషన్‌లో నొక్కి కాంపాక్టింగ్ చేస్తారు, ఆ తర్వాతే కటింగ్, కుట్టు. రంగు వేసేది మిషన్‌లో, మిషన్‌కి ఒక కనీస బరువు కావాలి. ఆమెకి ఒప్పుకున్నాయన రంగుకి కనీసం 50 కిలోలు అన్నాడు, అంటే సుమారు 240 పీసులు. బ్రాండు దగ్గర ఆమె ఆవ పసుపు రంగు ఎక్స్ఎల్ ఒక్క పీసు తెప్పించుకునేది. సొంతంగా చేయిస్తే అదే ఆవ పసుపు 240 తేవాలి. మార్జిన్ ఎక్కువ ఎందుకు వస్తోందంటే ఆ 239 పీసుల రిస్కు మన నెత్తిన వేసుకున్నందుకు. ఇది నాకు ఆ రోజు తట్టలేదు.

ఆరు రంగులు అనుకుంది. నలుపు, తెలుపు, మెరూన్ అమ్ముడుపోతాయని తెలుసు. మిగతా మూడూ ఆవ పసుపు, చిలకపచ్చ, పీచ్, ఆమెకి నచ్చి ఎంచినవి. 1,440 పీసులు, 2,41,920 రూపాయలు. చేతిలో 90 వేలు ఉంటే మిగతాది గాజులు పెట్టి రూపాయి వడ్డీకి గోల్డ్ లోన్ తీసుకుంది.

ఏం చేశాం, ఎక్కడ చెడింది

ముందు పేరు. ఆమె కూతురి పేరు కలిసొచ్చేలా ఒక పేరు పెట్టి 2,000 లేబుళ్లు నేయించేసింది. ట్రేడ్‌మార్క్ వేద్దామని నేను ప్రభుత్వ ఐపీ ఇండియా సైటులో వెతికితే, బట్టలకి సంబంధించిన 25వ క్లాసులో దాదాపు అదే పేరు అప్పటికే ఉంది. సైటులో వెతకడానికి రూపాయి ఖర్చు లేదు, పది నిమిషాల పని. అదేదో లేబుళ్ల కంటే ముందు చేసుంటే సరిపోయేది. లేబుళ్లు పారేశాం, ఇంకో పేరు పెట్టి అప్లికేషన్ వేశాం, వ్యక్తిగా ఆన్‌లైన్లో వేస్తే 4,500 ఫీజు.

సరుకు వచ్చాక మొదటి నెల బాగానే పోయింది. రెండో నెలలో ఒకామె మెరూన్ లెగ్గింగ్ పట్టుకుని వచ్చింది, దాంతో పాటు నానబెట్టిన ఆవిడ తెల్ల చున్నీ కూడా పట్టుకుని వచ్చింది. చున్నీ గులాబీ రంగులో ఉంది. షాపులో నలుగురు ఉన్నారు అప్పుడు. ఆ సాయంత్రం అక్క ఫోన్ చేస్తే నేను వెళ్లి చూశాను. పాత తెల్ల గుడ్డ తడిపి, లోపలి వైపు కుట్టు దగ్గర పది సార్లు గట్టిగా రుద్దితే గుడ్డకి రంగు అంటుకుంది. నలుపుకి కొంచెం, మెరూన్‌కి బాగా. అద్దకం అయ్యాక మిగిలిపోయిన రంగుని సరిగ్గా కడగకపోతే ఇలా వస్తుందని తర్వాత తిరుపూర్ ఆయనే ఒప్పుకున్నాడు, డబ్బు మాత్రం ఇవ్వలేదు. శాంపిల్ ఇచ్చినప్పుడే ఈ రుద్దుడు పరీక్ష చేయాలి, సరుకు వచ్చినప్పుడు ప్రతి రంగులోంచీ ఒకటి తీసి మళ్లీ చేయాలి. ఎందుకంటే శాంపిల్ అద్దకం వేరు, అసలు సరుకు అద్దకం వేరు.

31 పీసులు మార్చి ఇచ్చింది. పాత బ్రాండు అయితే ఇలాంటివి పక్కన పెట్టి డిస్ట్రిబ్యూటర్ మనిషి వచ్చినప్పుడు అతని సంచిలో వేసేది, అతను మారు మాట్లాడకుండా తీసుకెళ్లేవాడు. ఇప్పుడు కవరు మీద చిరునామా ఆమెది, కస్టమర్ కేర్ అని రాసిన నంబరూ ఆమెదే. ప్యాక్ చేసి అమ్మే సరుకు మీద అవి ఉండాలి కాబట్టి రాయించాం. ఆ నంబరుకి రాత్రి తొమ్మిదింటికి ఫోన్లొస్తాయని ఎవరూ చెప్పలేదు.

మోకాళ్ల దగ్గర సాగిపోతోందని ఇంకో ఫిర్యాదు. లైక్రా పోగు ప్రతి వరుసలోనూ వేసి అల్లితే ఫుల్ ఫీడర్ అంటారు, వరుస విడిచి వరుస వేస్తే హాఫ్ ఫీడర్. రెండోది చవక, కొత్తలో చేత్తో పట్టుకుంటే తేడా తెలీదు, నాలుగు ఉతుకుల తర్వాత తెలుస్తుంది. మేం కొటేషన్‌లో ధర చూశాం గానీ ఈ మాట రాయించుకోలేదు. తప్పెవరిదంటే మాదే.

ఏడు నెలల తర్వాత కూర్చుని లెక్క చూశాం. నలుపు, తెలుపు, మెరూన్ కలిపి 480 పోయాయి. ఆవ పసుపు, చిలకపచ్చ, పీచ్ మూడూ కలిపి 130. మొత్తం 610 పీసులు, చేతికొచ్చింది 1,82,390. పెట్టింది 2,41,920. అంటే ఏడు నెలలు అమ్మాక కూడా పెట్టిన డబ్బే ఇంకా 59,500 రావాలి. అటక మీద అట్టపెట్టెల్లో 799 పీసులు ఉన్నాయి, అసలు ధర ప్రకారమే 1,34,000 పైన.

పీసుకి 131 చొప్పున చూస్తే మాత్రం 79,910 లాభం, మార్చి ఇచ్చినవి తీసేస్తే 74,700. గోల్డ్ లోన్ వడ్డీ ఇంకా తీయలేదు. దీని పక్కన నేను అంతకుముందు ఏడు నెలల బ్రాండు అమ్మకాలు పెట్టాను: 690 పీసులు, 105 చొప్పున 72,450. రెండూ దాదాపు సమానం. కానీ ఒకటి 78 వేలతో వచ్చింది, ఇంకొకటి రెండు లక్షల నలభై వేలతో. ఆమె కాసేపు ఆ రెండు అంకెల వంకే చూసి, "అంటే నేను మూడు షాపుల డబ్బు పెట్టి ఒక షాపు లాభం తెచ్చుకున్నానా" అంది. అవునక్కా అన్నాను. ఆ రోజు టీ కూడా తాగకుండా వచ్చేశాను.

మళ్లీ మొదటి నుంచి ఆలోచిస్తే

మొదటి నిర్ణయం అటక మీద సరుకు గురించి. 299 నుంచి తగ్గిస్తే బ్రాండు పేరు పోతుందని ఆమె భయం. నా వాదన వేరు, ఆవ పసుపు, చిలకపచ్చ, పీచ్ మూడూ కలిపి నెలకి ఇరవై కంటే తక్కువ కదులుతున్నాయి, ఈ లెక్కన అమ్మడానికి రెండేళ్లు దాటుతుంది, అంతసేపు ఆ డబ్బు వడ్డీ తింటూ పడుకునే ఉంటుంది. కుర్తీలు అమ్మే ఇంకో ఊరి షాపుకి లేబుల్ తీసేసి 400 పీసులు 125 చొప్పున ఇచ్చేశాం. పీసుకి 43 నష్టం, మొత్తం 17,200. చేతికి 50,000 వచ్చింది. ఆమెకి నిద్ర పట్టింది మాత్రం ఆ రోజే అనుకుంటా.

రెండోది లెగ్గింగ్స్ గురించి. బిల్లు పుస్తకాలు నాలుగు నెలలవి తీసుకుని, ఒక్కో బిల్లూ చూసి రంగు వారీగా గీతలు పెట్టాను. తెలుపు, క్రీమ్, నలుపు మూడే మొత్తం అమ్మకాల్లో సగానికి కొంచెం తక్కువ. మిగతా సగం ఇరవై ఏడు రంగుల్లో చెల్లాచెదురుగా ఉంది. ఆ ఇరవై ఏడు రంగులు ఎవరో ఒకరు నిల్వ పెట్టాలి, ఆ పని బ్రాండువాడు చేస్తున్నాడు, మనం అతనికి మార్జిన్ రూపంలో కూలి ఇస్తున్నాం. అలా చూస్తే 105 తక్కువేం కాదనిపించింది. కాబట్టి రంగుల లెగ్గింగ్స్ బ్రాండువే ఉంచాం. సొంత లేబుల్ తెలుపు, క్రీమ్, నలుపుకే. అదీ అద్దకం వేయించకుండా, తిరుపూర్‌లోనే ఎప్పుడూ నడిచే రంగుల్ని రెడీగా ఉంచే ఇంకో తయారీదారు దగ్గర 60 పీసుల చొప్పున తీసుకుని మన లేబుల్ కుట్టించాం. పీసు 182 పడుతోంది, ముందుకంటే 14 ఎక్కువ. ఆ 14 ఇచ్చి 180 పీసుల రిస్కు దించుకున్నామని నా లెక్క.

మూడోదే అసలైనది, అది నాకు కాదు, ఆమెకి తట్టింది. ఒకరోజు షాపులో కూర్చుని ఉండగా ఆమె అంది: "లెగ్గింగ్ కావాల్సినవాళ్లు బ్రాండు పేరు చెప్పి అడుగుతారు తమ్ముడూ, లంగా కావాల్సినవాళ్లు చీర తెచ్చి కౌంటరు మీద పెడతారు." నేను ఆ మధ్యాహ్నమంతా గమనించాను. నిజంగానే ఒక్కరు కూడా లంగా బ్రాండు అడగలేదు. చీర కొంగు పక్కన లంగా పెట్టి, గుమ్మంలోకి వెలుగులోకి తీసుకెళ్లి రంగు చూసుకుంటున్నారు, వేళ్లతో నలిపి గుడ్డ చూస్తున్నారు, బొందు లాగి చూస్తున్నారు. పేరు చూడని సరుకులో బ్రాండువాడికి మనం ఇచ్చే మార్జిన్ దేనికి?

పైగా లంగాకి అద్దకం సమస్యే లేదు. పాప్లిన్ గుడ్డ అన్ని రంగుల్లో తానులుగా దొరుకుతుంది, ఆమె షాపులో లైనింగ్ కోసం ఆ హోల్‌సేలర్ ఎప్పటి నుంచో తెలుసు. 240 పీసులు కాదు, ఒక తానులో ఎనిమిదో తొమ్మిదో లంగాలు. ఆవ పసుపు పోకపోతే ఎనిమిది మిగులుతాయి, అంతే.

మొదట మూడు తానులే తెప్పించాం. ఈసారి పరీక్ష ముందు. మీటరు ముక్క కోసి, అంచుల్లో పెన్నుతో గుర్తు పెట్టి, రాత్రంతా నీళ్లలో నానబెట్టి, నీడన ఆరేసి కొలిస్తే 96 సెంటీమీటర్లు వచ్చింది. అంటే నాలుగు శాతం. 38 అంగుళాల లంగాకి అది ఒకటిన్నర అంగుళం, చీర కింద ఆ ఒకటిన్నర అంగుళమే కనపడుతుంది. అందుకని 39న్నర పొడవుకి కత్తిరించమని కుట్టే ఇద్దరు ఆడవాళ్లకీ చెప్పాం. రుద్దుడు పరీక్షలో ముదురు నీలం తప్పింది, ఆ తాను వెనక్కి ఇచ్చేశాం. గుడ్డ కోయకముందే పరీక్షించాం కాబట్టి హోల్‌సేలర్ మారు మాట్లాడకుండా తీసుకున్నాడు.

లంగాకి గుడ్డ రెండుంపావు మీటర్లు 95, కుట్టుకూలి 22, బొందు, లేబుల్, కవరు కలిపి 6, మొత్తం 123. అమ్మేది 220కి. పాత రెడీమేడ్ లంగా 165కి కొని అదే 220కి అమ్మేది. 55 దగ్గర 97 వస్తోంది, నిల్వ పెట్టుబడి పెరగలేదు. మొదటి రెండు నెలలు కుట్టు ఆలస్యమై ఇబ్బంది పడ్డాం, పెళ్లిళ్ల సీజన్లో ఒకామె ఊరెళ్లిపోతే వారం రోజులు పాత రెడీమేడే తెచ్చి అమ్మింది. అందుకే రెడీమేడ్ ఇచ్చేవాడితో పూర్తిగా తెంచుకోవద్దని చెప్పాను.

ఎవరైనా మొదలుపెడుతుంటే నేనిప్పుడు అడిగేవి

మార్జిన్ శాతం చివర అడుగుతాను. ముందు అడిగేది, మీ కస్టమర్ పేరు చెప్పి అడుగుతారా, చూపించి అడుగుతారా అని. కౌంటర్లో రెండు రోజులు నిలబడితే తెలిసిపోతుంది. రెండోది, మీ సరుకుని రంగు, సైజుతో విడగొడితే ఒక్కో రకానికి తయారీదారు అడిగే కనీసం ఎంత, అది మీ దగ్గర ఎన్ని నెలల అమ్మకం. మూడు నెలలు దాటితే నేను వద్దంటాను. ఈ మూడు నెలలన్నది శాస్త్రం కాదు, ఈ ఒక్క కేసులో దెబ్బ తిన్నాక నాకు నేను పెట్టుకున్న గీత.

ఇంకోటి ఉంది, చాలామంది చూసుకోరు. ఆమె జీఎస్టీలో కాంపోజిషన్ స్కీములో ఉంది, అమ్మకాల మీద ఒక శాతం కడుతుంది, బ్రాండు సరుకు అమ్ముకునే చిన్న షాపుకి అది హాయి. తిరుపూర్ నుంచి కొనుక్కోవడానికీ అడ్డు లేదు. కానీ సొంత బ్రాండు అనగానే పక్క ఊళ్లకి అమ్మాలనిపిస్తుంది. లంగాలు చూసి ఖమ్మం షాపు ఒకటి యాభై అడిగింది. కాంపోజిషన్‌లో ఉన్నవాళ్లు రాష్ట్రం దాటి అమ్మకూడదు. ఖమ్మం గంట ప్రయాణమే, కానీ రాష్ట్రం వేరు. ఇక్కడి షాపులకి ఇచ్చినా, బిల్లులో పన్ను చూపించలేం కాబట్టి కొన్నప్పటి పన్నుని తమ పన్నులో తగ్గించుకునే ఇన్‌పుట్ క్రెడిట్ వాళ్లకి రాదు, ఆ మేరకు ధర తగ్గించమంటారు. మామూలు రిజిస్ట్రేషన్‌కి మారవచ్చు, మారితే ప్రతి అమ్మకానికీ పన్ను బిల్లు, లెక్కలు పెరుగుతాయి. యాభై లంగాల కోసం మారడం దండగ, నెలకి మూడు నాలుగు వందలు అయితే ఆలోచిద్దాం అన్నాను. ఖమ్మం ఆర్డరు వదిలేసింది. కొంచెం నొచ్చుకుంది కూడా.

డిస్ట్రిబ్యూటర్ మనిషి ఇప్పటికీ పదిహేను రోజులకోసారి వస్తాడు. ఆన్‌లైన్ ధర బాధ పోలేదు. ఫోను చూపించేవాళ్లకి ఆమె తన లేబుల్ తెలుపో క్రీమో తీసి 299 అంటుంది, కొందరు తీసుకుంటారు, కొందరు వెళ్లిపోతారు. గోల్డ్ లోన్ తీరి గాజులు తెచ్చుకుంది. మొన్న ఫోన్ చేసి, రెడీమేడ్ జాకెట్లు మన పేరు మీద చేయిద్దామా తమ్ముడూ అంది. 32 నుంచి 42 దాకా సైజులు, చేతుల పొడవు రెండు రకాలు, ఎన్ని రంగులు అనుకుంటున్నావో రాసి పంపక్కా, నాలుగు నెలల బిల్లు పుస్తకాలు కూడా పంపు అన్నాను. పుస్తకాలు వచ్చాయి, గీతలు పెట్టడం మొదలుపెట్టాను.